ఆటవెలఁదిలో యతి, ఊపిరి, ఊనిక

సంస్కృత ఛందస్సునందు యతి యనఁగా పాదమధ్యమున పదము ముగిసి గొంతు నిలువవలసిన చోటు. మందాక్రాంతపాదము 4, 6, 7 అక్షరముల తునకలుగా విఱుగుట యిందులకు ప్రసిద్ధమైన నిదర్శనము. తెలుఁగు లాక్షణికులు మాత్రము యతిని అక్షరమైత్రిగా, అనఁగా పాదాద్యక్షరమునకు నియతస్థానమందలి యక్షరము బదులు పలుకుటగా నిర్ణయించి, పదము అచ్చటనే ముగియవలె నను నిర్బంధమును విడిచిపెట్టిరి. కాఁబట్టి తెలుఁగు పద్యమును పైకి చదువువానికి ఆ చోట ఆగవలెనా, ఆగక దానిని మ్రోగింపవలెనా యను సందేహము కలుగక తప్పదు.

ఈ సందేహమును అనంతపురపు మెట్టసీమయందు పరిశీలించుట యుచితము. వేమన సమాధి యున్నదని జనులు విశ్వసించు కటారుపల్లె, నేఁడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినదైనను, ఈ సీమలోని కదిరి ప్రాంతముననే కలదు. ఆయన పేర వాడుకలోనున్న పద్యములలో అత్యధికము ఆటవెలఁదులే. 1829లో బ్రౌను వానిలోఁ గొన్నింటిని అచ్చొత్తించుటకుఁ బూర్వము, తాటాకులపై పాదవిభాగము చూపక వరుసగా వ్రాయఁబడిన పద్యమును చేతఁబట్టిన చదువరికి, ఎచ్చట నిలువవలెనో చెప్పునది గణముల నడకయు యతియు మాత్రమే.

ఆటవెలఁది బేసిపాదములలో మూఁడు సూర్యగణములపై రెండు ఇంద్రగణములును, సరిపాదములలో అయిదు సూర్యగణములును ఉండును. నాలుగవ గణాద్యక్షరము యతిస్థానము. సూర్యగణము 3 మాత్రలు, ఇంద్రగణము 4 గాని 5 గాని మాత్రలు గనుక, ప్రతిపాదమునందును యతికి ముందు 9 మాత్రలు స్థిరముగా నిలుచును; తరువాతి భాగము బేసిపాదమున 8 మొదలు 10 వఱకు సాగి, సరిపాదమున 6తోనే ముగియును. ఈ కొఱఁతయే చదువరికి ఊపిరి నిచ్చుచున్నది. రెండుపాదములు కలిసి 34 మాత్రలకు మించవు. తొందరపడక చదివినను అవి యొక్క శ్వాసలో నిముడును. అందువలన యతివద్ద గాలి పీల్చుకొనవలసిన అవసరము లేదు. అచ్చటి విరామము, ఉన్నచో, ఊనికకొఱకే యుండవలెను.

దీనిని పరీక్షించుటకై ఒక పద్యమును కూర్చితిని. కవిత్వముగాఁ గాక కొలకఱ్ఱగా దీనిని చూడవలయును.

మబ్బు చూచి రైతు మడకఁ గట్టెను గాని
గాలి తోలె దాని గట్టు దాట
చేల నెండె వేరుసెనగ యాకులె గాక
కంటి నీరు గూడఁ గఱవునందు

మొదటిపాదమున ‘రైతు’తో పదమును తొమ్మిది మాత్రలును కలిసి ముగిసినవి. అచ్చట లిప్తకాలము గొంతు నిలిపి ‘మడక’ను ఎత్తినచో, ‘మబ్బు’తోడి మైత్రి చెవికిఁ దాఁకి, మేఘమునకును నాగలికిని గల ముడి వివరింపకయే తెలియును. ‘గాని’ యొద్ద స్వరమును దింపక నిలిపి, రెండవపాదమును దానికిఁ జేర్చి చదివి, ‘దాట’ పిమ్మట మిగిలిన 4 మాత్రల వెలితిలో నిండుగా ఊపిరి తీసికొనవలెను.

చిక్కంతయు మూఁడవపాదముననే యున్నది. చే, సె అను నక్షరముల మైత్రి నిర్దుష్టమే. కాని యతిస్థానము ‘వేరుసెనగ’ నడుమఁ బడినది. మొదటి రెండు పాదములలో కుదిరిన అలవాటు ననుసరించి చదువరి ఇచ్చటను ఆగెనా, ‘చేల నెండె వేరు’ అని వాక్యము ముగిసినట్లై, శ్రోత మొక్క వేరే యెండినదని గ్రహించును. పిదప వచ్చు ‘సెనగ యాకులు’ వేఱొక పంట యాకులై తోఁచును. ఈ తప్పు చదువువానికన్న వినువానికే ముందుగాఁ దెలియును. రాగముతోఁ జదువువారు ‘వేరు’ తుది యుకారమును సాగదీయుదురు గనుక వారి నోట నిది మఱింత ప్రమాదకరము. ఇట్టి తావున ‘ఎండె’ తరువాత, అనఁగా ఆఱవ మాత్రవద్ద, చిన్న విఱుపు నిచ్చి, ‘వేరుసెనగ’ను ఒక్క పట్టున దాటించి, ‘యాకులె’ యందలి అవధారణముపై బరువు నిలుపవలెను. సెకారము తనంత మ్రోగును; దానిని ఒత్తి పలుకుట అనవసరము.

వేమన మకుటమున కిట్టి చిక్కు లేదు. ఆ పాదమున మూఁడవ గణముతో పదము నిశ్చయముగా ముగియుచున్నది. అయితే అచ్చట భావము తఱచుగా మూఁడుపాదములతోనే తీరిపోవును గనుక, పెద్ద ఊపిరి రెండవపాదాంతమునుండి మకుటమునకు ముందునకు జరుగును. బడిపిల్లలు కలిసి వల్లించునపుడు గణగణమునకును ఆగుచు ఈ భేదమును చెఱిపివేయుదురు. లయ నేర్పుట కది మంచిదే గాని, అర్థము చెప్పుటకుఁ జాలదు.

నా పద్యమందలి నాలుగవపాదము ఆ మూఁడవపాదమునకును వేమన మకుటమునకును నడిమిది. ‘గూడ’తో పదము ముగిసినను, ద్రుతముచేత కఱవు ‘గఱవు’ అయినది. పరుషము సరళమగుట రెండుపదములును ఒక్క పలుకుగా కూడినందుననే. అచ్చట గాలి పీల్చి మరల నారంభించినవాని నోట ‘కఱవు’ అనియే సహజముగా వచ్చును; ‘గఱవు’ అన్నచో ఆ గకారము ఆధారము లేక వినఁబడును. కావున స్వరమును పలుచన చేసి, తెగనీయక, తరువాతి యక్షరమునకు అందింపవలెను. ఊపిరి పాదాంతమువఱకు ఆగఁగలదు.