గుండె పురుగు: నెలనెలా వేసే మాత్ర వెనక్కి చూస్తుంది

కుక్కకు నెలకోసారి వేసే హార్ట్‌వార్మ్ మాత్ర రాబోయే ముప్పై రోజులూ కాపలా కాస్తుందని చాలామంది అనుకుంటారు. అది పనిచేసేది వెనక్కి. గడిచిన నెలలో దోమల ద్వారా ఒంట్లోకి చేరిన పిల్ల పురుగుల్ని చంపి, కొద్ది రోజుల్లోనే మందు రక్తంలోంచి పోతుంది. మళ్లీ నెల తిరిగేలోపు కొత్త పురుగులు చేరవచ్చు. వాటి లెక్క వచ్చే మాత్ర తేలుస్తుంది. నెలల తరబడి పనిచేసే మాక్సిడెక్టిన్ ఇంజెక్షన్ల సంగతి వేరు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే పురుగు ప్రయాణం చూడాలి. దీని శాస్త్రీయ నామం డైరోఫిలేరియా ఇమ్మిటిస్. జబ్బుపడ్డ కుక్క రక్తంలో కంటికి కనిపించనంత చిన్న పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు తిరుగుతుంటాయి. దోమ ఆ రక్తం తాగాక, వెచ్చటి వాతావరణంలో అవి దాని ఒంట్లో రెండు వారాల్లో మరో కుక్కకు సోకే దశకు ఎదుగుతాయి. దోమ లేకుండా ఈ ఎదుగుదల జరగదు. అందుకే పక్కపక్కనే పడుకున్నంత మాత్రాన ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఈ జబ్బు రాదు. దోమ మళ్లీ కుట్టినప్పుడు లార్వాలు చర్మం మీద పడి, ఆ కాటు రంధ్రంలోంచి లోపలికి పాకుతాయి.

తర్వాత సుమారు రెండు నెలలు అవి చర్మం కింద, కండరాల్లో పెరుగుతాయి. 50 నుంచి 70 రోజుల మధ్య లార్వా దశ దాటి, రక్తనాళాల్లోకి దిగి ఊపిరితిత్తుల ధమనులకు చేరతాయి. ఆరేడు నెలలకు పూర్తిగా ఎదిగి తామే పిల్లల్ని కంటాయి. ఆడ పురుగు సన్నటి సేమ్యాలా 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అయిదు నుంచి ఏడేళ్లు బతుకుతుంది. గుండె పురుగు అన్న పేరు కొంత పక్కదారి పట్టించేదే. అసలు కాపురం ఊపిరితిత్తుల ధమనుల్లో. సంఖ్య పెరిగినప్పుడు గుండె కుడి భాగంలోకీ వస్తాయి. ధమనుల గోడలు మందమై, రక్తం నెట్టలేక గుండె అలసిపోతుంది. పొడి దగ్గు, నాలుగడుగులకే ఆయాసం, చివరికి పొట్టలో నీరు. మొదటి నెలల్లో మాత్రం ఏ లక్షణమూ ఉండదు.

ఐవర్‌మెక్టిన్, మిల్బమైసిన్ వంటి మందులు ఈ మోతాదులో లార్వాలనే నమ్మకంగా చంపగలవు. ఒక ఉదాహరణ చూద్దాం. ఈ పురుగు స్థిరపడిన ఈశాన్య భారతంలో, గువాహటిలో ఒక కుక్కను జూన్ 10న దోమ కుట్టిందనుకోండి. జులై 1న మాత్ర వేస్తే లార్వాల వయసు 21 రోజులు, చచ్చిపోతాయి. ఆ మాత్ర మరిచిపోయి ఆగస్టు 1న వేస్తే వయసు 52 రోజులు. కొన్ని అప్పటికే లార్వా దశ దాటి తప్పించుకోవచ్చు. ఆగస్టు కూడా దాటి సెప్టెంబర్ 1న వేస్తే 83 రోజులు. అప్పటికి మాత్రను నమ్ముకునే సమయం దాటిపోయింది.

రెండు నెలలు మానేశాక యజమాని సెప్టెంబర్‌లో పరీక్ష చేయిస్తే ఏం తేలుతుంది? నెగెటివ్. చుక్క రక్తంతో చేసే యాంటిజెన్ పరీక్ష పట్టేది ఎదిగిన ఆడ పురుగు వదిలే పదార్థాన్ని. జూన్‌లో చేరిన పురుగు సాధారణంగా డిసెంబర్, జనవరికి గానీ బయటపడదు. కాబట్టి మాత్రలు తప్పినప్పుడు వెంటనే ఒకసారి, ఆరు నెలలకు మరోసారి పరీక్ష చేయించాలి. ఈలోగా మాత్రలు ఆపకూడదు. కొత్తగా మొదలుపెట్టే పెద్ద కుక్కకూ ముందు పరీక్ష అవసరం. రక్తంలో మైక్రోఫైలేరియాలు లెక్కకు మించి ఉంటే, మందుకు అవన్నీ ఒక్కసారి చచ్చి కుక్క షాక్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

మైక్రోస్కోపు కింద మైక్రోఫైలేరియా కనిపించినంత మాత్రాన గుండె పురుగేనని తేల్చేయకూడదు. కేరళ వంటి చోట్ల కుక్కల్లో ఎక్కువగా ఉండేది దీని దాయాది డైరోఫిలేరియా రెపెన్స్. అది చర్మం కిందే ఉంటుంది, గుండె జోలికి రాదు. యాంటిజెన్ పరీక్ష కూడా చేస్తే ఏది ఏదో తెలుస్తుంది.

ఎదిగిన పురుగుల్ని చంపడానికి మెలార్సోమిన్ అనే ఆర్సెనిక్ మందును నడుము కండరాల్లోకి లోతుగా ఇస్తారు. ముందు నెల రోజులు డాక్సీసైక్లిన్ వాడతారు. పురుగు ఒంట్లో ఉండి దానికి తోడ్పడే వోల్బాకియా బ్యాక్టీరియాను అది దెబ్బతీస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. చచ్చిన పురుగు ముక్కలు ఊపిరితిత్తుల నాళాల్లో అడ్డుపడతాయి. కుక్క పరుగెత్తితే ఆ అడ్డు ప్రాణం తీయగలదు. అందుకే చికిత్స నెలల్లో దాన్ని గొలుసు విప్పకుండా, గంతులు వేయనీయకుండా ఉంచుతారు.

ఖర్చు తగ్గుతుందని పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను ఇంట్లోనే కుక్కకు పట్టించేవాళ్లు ఉన్నారు. గుండె పురుగు నివారణకు కావాల్సింది కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. 20 కిలోల కుక్కకు 120. ఒక శాతం ఇంజెక్షన్ ఒక్క మిల్లీలీటర్లో ఉండేది 10,000 మైక్రోగ్రాములు, అంటే ఎనభై రెట్లకు పైగా. కోలీ వంటి జాతుల్లో చాలా కుక్కలకు మందును మెదడులోకి వెళ్లకుండా ఆపే ప్రొటీన్ లోపించి ఉంటుంది. మాత్రలోని మోతాదును అవి తట్టుకుంటాయి గానీ, అంతకు పదుల రెట్లు పడితే తూలుడు, కోమా, మరణం.