యానిమాటిక్

యానిమేషన్ చిత్రానికి గీసిన చిత్తు బొమ్మలను ఒక్కొక్కటి ఎంతసేపు తెర మీద ఉండాలో అంతసేపు నిలిపి, వాటి కింద తాత్కాలికంగా రికార్డు చేసిన మాటలు, శబ్దాలు, సంగీతం పేర్చి తయారుచేసే నమూనా చిత్రమే యానిమాటిక్. ఇందులో పాత్రలు దాదాపు కదలవు. బొమ్మ మారుతుంది, మాట వినిపిస్తుంది, మళ్లీ బొమ్మ మారుతుంది. అసలు యానిమేషన్ మొదలుకాకముందే కథ నడక ఎక్కడ సాగుతోంది, ఎక్కడ నత్తనడక నడుస్తోంది, ఎక్కడ ప్రేక్షకుడికి అందకుండా పరుగెడుతోంది అన్నది దీన్ని చూసి తేల్చుకుంటారు. ఫీచర్ చిత్రాల స్టూడియోల్లో దీన్ని స్టోరీ రీల్ అని, పాతకాలంలో లైకా రీల్ అని పిలిచారు.

గోడ మీది బొమ్మలు

1930ల తొలినాళ్లలో అమెరికాలోని వాల్ట్ డిస్నీ స్టూడియోలో స్టోరీబోర్డు రూపుదిద్దుకుంది. కథలోని ఘట్టాలను విడివిడి కాగితాల మీద గీసి, వరుసగా గోడకు గుచ్చే పద్ధతికి ఆద్యుడిగా వెబ్ స్మిత్ అనే కథా రచయితను చెబుతారు. 1933లో వచ్చిన ‘త్రీ లిటిల్ పిగ్స్’ మొదటినుంచి చివరిదాకా స్టోరీబోర్డుతో తయారైన తొలి లఘుచిత్రాల్లో ఒకటి.

బోర్డు మీద కథ అర్థమవుతుంది. నచ్చని కాగితం తీసేయవచ్చు, రెండింటి స్థానాలు మార్చవచ్చు. కాని గోడ మీది బొమ్మకు కాలం లేదు. చూసేవాడు తనకు నచ్చిన బొమ్మ దగ్గర ఆగుతాడు, నచ్చనిదాన్ని దాటేస్తాడు. బోర్డు ముందు నిలబడి కథ చెప్పే కళాకారుడు గొంతు పెంచి, చేతులు ఊపి, చప్పగా ఉన్న చోటును తన నటనతో నింపేస్తాడు. సినిమా హాల్లో ఆ కళాకారుడు ఉండడు. ఎంతసేపు చూడాలో నిర్ణయించేది తెర ఒక్కటే. ఈ తేడాను పూడ్చడానికే యానిమాటిక్ అవసరమైంది.

లైకా రీల్

డిస్నీ స్టూడియోలో స్టోరీబోర్డు బొమ్మలను ఫిల్ము మీదికి ఎక్కించి, సౌండ్‌ట్రాక్‌తో జతచేసి చూసే అలవాటు వచ్చింది. సినిమాకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ముతోనే పనిచేసే జర్మన్ స్టిల్ కెమెరా లైకా పేరు మీద దీనికి లైకా రీల్ అని పేరు పడింది. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కనుక, ఒక బొమ్మ 2 సెకన్లు కనిపించాలంటే అది 48 ఫ్రేముల పొడవున ఉండాలి. తరువాత ఒక్కో షాట్‌కు పెన్సిల్ యానిమేషన్ పూర్తయ్యేకొద్దీ, రీల్‌లోని నిశ్చల బొమ్మను తీసి దాని స్థానంలో ఆ షాట్‌ను అతికేవారు. అలా చిత్తు రీలే మెల్లమెల్లగా సినిమాగా మారేది.

వరుసలో పెట్టి చూడడం ఎందుకు ముఖ్యమో 1937 డిసెంబరులో విడుదలైన ‘స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’లో లేకుండా పోయిన ఒక ఘట్టం చెబుతుంది. మరుగుజ్జులు పాట పాడుతూ, గోల గోలగా సూప్ జుర్రుకునే దృశ్యం అది. వార్డ్ కింబాల్ అనే యువ యానిమేటర్ దానికోసం నెలల తరబడి శ్రమించాడు. పెన్సిల్ యానిమేషన్ దాకా వచ్చాక వాల్ట్ డిస్నీ ఆ ఘట్టాన్ని తీసేశాడు. దృశ్యంలో లోపం లేదు. కాని రాణి పన్నాగం ఏమవుతుందోనని ప్రేక్షకుడు ఎదురుచూసే వేళ, కథ భోజనాల బల్ల దగ్గర ఆగిపోతోంది. విడిగా చూస్తే నవ్వించే దృశ్యం వరుసలో అడ్డుగోడ అయింది. మనసు విరిగిన కింబాల్‌కు తరువాత ‘పినోకియో’లో జిమినీ క్రికెట్ పాత్ర అప్పగించారు. తీసేసిన ఆ పెన్సిల్ దృశ్యాన్ని 1956లో డిస్నీ టెలివిజన్ కార్యక్రమంలో చూపించారు.

అదే నిర్ణయం బొమ్మల దశలోనే జరిగి ఉంటే పోయేవి కొన్ని డజన్ల చిత్తు కాగితాలు మాత్రమే. యానిమాటిక్ చరిత్ర అంతా ఈ నిర్ణయాన్ని వీలైనంత ముందుకు జరపడానికి చేసిన ప్రయత్నమే.

వీడియో నుంచి కంప్యూటర్‌కు

యానిమాటిక్ అన్న పేరును ఎక్కువగా ప్రచారంలోకి తెచ్చింది ప్రకటనల రంగం. ఖరీదైన టీవీ ప్రకటన తీయబోయే ముందు, బొమ్మలను చిత్రీకరించి గొంతు జోడించి కొందరు ప్రేక్షకులకు చూపేవారు. సజీవ నటుల సినిమాలు కూడా ఈ ఉపాయాన్ని అందిపుచ్చుకున్నాయి. ‘స్టార్ వార్స్’ (1977)లోని అంతరిక్ష పోరాటం కోసం జార్జ్ లూకాస్ పాత యుద్ధ చిత్రాల్లోని విమానాల పోరు దృశ్యాలను కూర్చి, తనకు కావలసిన వేగం ఇదని తన బృందానికి చూపాడు. ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ (1983)లో అడవిలో సాగే ఛేజ్ దృశ్యానికి చిన్న ఆటబొమ్మలను వీడియో కెమెరాతో తీసి నమూనా తయారుచేశారు.

అసలు మార్పు 1989లో అవిడ్ వంటి కంప్యూటర్ ఎడిటింగ్ యంత్రాలు రావడంతో మొదలైంది. ఫిల్ము రోజుల్లో ఒక బొమ్మ నిడివి పెంచాలంటే కొత్తగా ప్రింటు తీసి కత్తిరించి అతకాలి. ఇప్పుడు దాని అంచును కాస్త లాగితే చాలు. దాంతో ఒకే ఘట్టాన్ని పదిసార్లు మార్చి చూసే వెసులుబాటు కలిగింది.

పిక్సార్ సంస్థ ఈ వెసులుబాటు మీదే తన పద్ధతిని కట్టుకుంది. 1993 నవంబరు 19న ‘టాయ్ స్టోరీ’ స్టోరీ రీల్స్‌ను డిస్నీ పెద్దలకు చూపారు. అందులో కథానాయకుడు వుడీ ఈర్ష్యతో మరో ఆటబొమ్మ బజ్‌ను కావాలనే కిటికీలోంచి తోసేస్తాడు. చూసినవారికి కథానాయకుడి మీద అసహ్యం కలిగింది. నిర్మాణం ఆపేయమన్నారు. పిక్సార్ బృందం కొద్ది నెలల్లో కథను తిరగరాసి, బజ్ పడిపోవడం పొరపాటున జరిగినట్టు మార్చి, 1994లో పని మళ్లీ మొదలుపెట్టింది. సినిమా 1995 నవంబరులో విడుదలైంది. కింబాల్ దృశ్యం పోయినప్పుడు పోయింది పూర్తయిన పెన్సిల్ యానిమేషన్. ఇక్కడ పోయినవి చాలావరకు చిత్తు బొమ్మలు.

తాత్కాలిక గొంతు

యానిమాటిక్‌లోని గొంతును స్క్రాచ్ అంటారు. తెలుగు సినిమా పాటల్లో అసలు గాయకుడు వచ్చేలోగా మరొకరు ట్రాక్ పాడి పెట్టినట్టే, ఇక్కడ స్టూడియోలోని కథా కళాకారులో ఎడిటర్లో మాటలు చెప్పి పెడతారు. స్పష్టతకన్నా మాటల మధ్య విరామాలు ముఖ్యం. కొన్నిసార్లు ఆ తాత్కాలిక గొంతే స్థిరపడిపోతుంది. ‘ఎ బగ్స్ లైఫ్’ (1998)లో హైమ్‌లిక్ అనే గొంగళిపురుగుకు కథా కళాకారుడు జో రాన్‌ఫ్ట్ గొంతు, ‘మాన్‌స్టర్స్, ఇంక్.’ (2001)లో రాజ్ పాత్రకు బాబ్ పీటర్సన్ గొంతు అలా నిలిచిపోయినవే.

ఒక ఘట్టం, కొన్ని సెకన్లు

నడకను పరీక్షించడం అంటే ఏమిటో ఒక ఊహా ఘట్టంతో చూడవచ్చు. తాత పడక్కుర్చీలో గురకపెడుతున్నాడు. మనవడు ఉట్టి మీది వెన్నకుండ అందుకోబోతాడు. కుండ ఊగుతుంది, గురక ఆగుతుంది, మనవడు కొయ్యబారిపోతాడు, గురక మళ్లీ మొదలవుతుంది.

ముందు మాటలూ శబ్దాలూ వరుసలో పెడతారు, తరువాతే బొమ్మలు. మొదటి కూర్పు ఇలా ఉందనుకుందాం. ఇల్లు, తాత 3 సెకన్లు. మనవడు తొంగిచూడడం 2. పీట ఎక్కి చెయ్యి చాచడం 4. కుండ ఊగడం 2. గురక ఆగడం 1. మనవడు కొయ్యబారడం 3. గురక మళ్లీ మొదలవడం 2. మొత్తం 7 బొమ్మలు, 17 సెకన్లు, అంటే 408 ఫ్రేములు.

కథ తెలియని ఇద్దరు ముగ్గురికి వేసి చూపితే ఎవరూ నవ్వలేదు. కారణం ఐదో బొమ్మలో ఉంది. తాత గురక 2.5 సెకన్లకు ఒకసారి వస్తోంది. నిశ్శబ్దం 1 సెకను మాత్రమే ఉంటే అది రెండు గురకల మధ్య మామూలుగా ఉండే ఖాళీలాగే వినిపిస్తుంది. గురక ఆగిందని చెవికి తెలియాలంటే రావలసిన గురక రాకపోవాలి. కాబట్టి ఆ బొమ్మను 3 సెకన్లకు పెంచాలి. అప్పటికే ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి ఉంటాడు కనుక, మనవడు కొయ్యబారడం 1.5 సెకన్లు చాలు.

మూడో బొమ్మలో చిక్కు వేరు. 4 సెకన్లపాటు ఒకే బొమ్మ నిలిస్తే అది నీరసంగా కనిపిస్తుంది. ఇది నిడివి తప్పో, బొమ్మ చాలకపోవడమో విడదీయాలి. పాదం పైకి లేవడం, చెయ్యి చాచడం, వేళ్లు అందకపోవడం అని మూడు బొమ్మలుగా విడగొట్టి, ఒక్కోదానికి 32 ఫ్రేములు ఇచ్చి చూడాలి. అప్పుడు సాగితే నిడివి సరైనదే. అప్పటికీ సాగకపోతే కోయాలి. సవరించిన కూర్పు 9 బొమ్మలు, 17.5 సెకన్లు, 420 ఫ్రేములు. మొత్తం నిడివిలో తేడా అర సెకనే. కాని నవ్వు పుట్టేది ఆ సెకన్లు చేతులు మారిన చోటే.

పరిమితులు

నిశ్చల బొమ్మ కదలికను పూర్తిగా సూచించలేదు. బరువైన మనిషి కుర్చీలోంచి లేవడానికి పట్టే కాలం బొమ్మలో కనబడదు. యానిమేటర్ చేతికి వెళ్లాక ఆ షాట్ తరచు మరిన్ని ఫ్రేములు అడుగుతుంది. కంటి చూపుతో సాగే సూక్ష్మమైన నటన యానిమాటిక్‌లో ఖాళీగా కనిపించి, అన్యాయంగా కత్తెరకు బలి కావచ్చు.

తాత్కాలిక సంగీతం ఇంకో మోసం చేస్తుంది. పేరున్న పాట వేస్తే బలహీనమైన ఘట్టం కూడా బలంగా అనిపిస్తుంది. అందుకే ఒకసారి సంగీతం తీసేసి చూడడం మంచిది. అసలు నటుడి గొంతు వచ్చాక విరామాలు మారతాయి కనుక కూర్పును మళ్లీ సరిచూడాలి. ఇరవైసార్లు చూసిన దర్శకుడికి ప్రతిదీ నెమ్మదిగానే తోస్తుంది. అతని తొందరను నమ్మి కోస్తే, తొలిసారి చూసేవాడికి కథ అందదు.

తెలుగునాట

తెలుగు సినిమాలో యానిమాటిక్‌కు ముందుమెట్టు అయిన స్టోరీబోర్డుకు బలమైన ఉదాహరణ దర్శకుడు, చిత్రకారుడు బాపు. తొలిచిత్రం ‘సాక్షి’ (1967) నుంచి ఆయన షాట్లను బొమ్మలుగా గీసుకుని చిత్రీకరణకు దిగేవారు. ఆ బొమ్మలకు నిడివిని ఇచ్చే గడియారం మాత్రం దర్శకుడి మనసులోనే ఉండేది. 2008లో మొదలైన ‘ఛోటా భీమ్’ వంటి ధారావాహికలతో హైదరాబాదు యానిమేషన్ కేంద్రంగా ఎదిగాక, ఆ గడియారం ఎడిటింగ్ తెర మీదికి వచ్చింది. బొమ్మ ఎప్పుడు మారాలన్నది ఇప్పుడు నలుగురు కలిసి కూర్చుని చూసి తేల్చుకోవచ్చు.