ఇండక్షన్ చవకా, గ్యాస్ చవకా? తేల్చేది మీ కరెంటు బిల్లులోని శ్లాబే

కోఠిలో ఇండక్షన్ స్టవ్ కొనడానికి వెళితే దుకాణదారు చెప్పే మాట ఒక్కటే: ‘గ్యాస్ కంటే సగం ఖర్చు’. కొందరి ఇంట్లో అది దాదాపు నిజమే. మరికొందరికి మాత్రం నెల తిరిగేసరికి బిల్లు చూసి గుండె గుభేల్‌మంటుంది. స్టవ్ అదే, వంట అదే. తేడా ఎక్కడ వస్తోందో చూద్దాం.

ముందుగా ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 130. గ్యాస్ మంటలోని వేడి అంతా గిన్నెకు చేరదు. ఇంటి పొయ్యి మీద దాదాపు 40 శాతం పక్కలనుంచి గాలిలో కలిసిపోతుంది. ఇండక్షన్‌లో గిన్నె అడుగే వేడెక్కుతుంది కాబట్టి వృథా 15 శాతం దగ్గరే ఆగుతుంది. ఈ రెండూ లెక్కేస్తే 14.2 కిలోల సిలిండర్ చేసే వంటను ఇండక్షన్ మీద చేయడానికి సుమారు 130 యూనిట్లు కాలుతాయి. మీ బర్నర్ ఎంత శుభ్రంగా ఉందన్నదాన్ని బట్టి ఇది పదీ పదిహేను యూనిట్లు అటూఇటూ కావచ్చు.

2025 ఏప్రిల్‌లో రూ.50 పెరిగాక హైదరాబాద్‌లో సిలిండర్ రూ.905 అయింది. దాన్ని 130తో భాగిస్తే దాదాపు 7 రూపాయలు. అంటే కొత్తగా కాలే యూనిట్ మీకు 7 రూపాయల లోపు పడితే ఇండక్షన్ లాభం, దాటితే గ్యాస్ లాభం. సిలిండర్ ధర మారినప్పుడల్లా ఈ ఒక్క భాగహారం మళ్లీ చేసుకుంటే చాలు.

ఇక యూనిట్ ధర. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు రూ.3.40 చొప్పున, తర్వాతి వంద రూ.4.80 చొప్పున పడతాయి. వంద లోపు వాడేవారికి ఇంకా తక్కువ. అసలు చిక్కు 200 దాటినప్పుడు వస్తుంది. అప్పుడు పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, ఆపై 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9. సరిగ్గా 200 వాడితే ఎనర్జీ చార్జీ రూ.820. ఇంకొక్క యూనిట్ కాలితే రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70 అన్నమాట.

ఒక ఇంటి లెక్క వేద్దాం. నలుగురున్న కుటుంబం, నెలకు 140 యూనిట్లు, సిలిండర్ 45 రోజులు వస్తుంది. కరెంటుకు ఎనర్జీ చార్జీ రూ.532, గ్యాస్‌కు నెలకు సుమారు రూ.603. వంటంతా ఇండక్షన్ మీదికి మారిస్తే నెలకు 87 యూనిట్లు పెరిగి వాడకం 227కి చేరుతుంది. చార్జీ దాదాపు రూ.1,228 అవుతుంది. అంటే కరెంటు రూ.696 పెరిగింది, గ్యాస్ రూ.603 మిగిలింది. నెలకు వంద రూపాయల దాకా నష్టం.

అదే కుటుంబం సగం వంటనే మారిస్తే? 43 యూనిట్లు పెరిగి 183 దగ్గర ఆగుతుంది. చార్జీ రూ.738. పెరిగింది రూ.206, గ్యాస్‌లో మిగిలింది రూ.301. ఇక్కడ 95 రూపాయల లాభం. పూర్తిగా మారినవారికి నష్టం, సగం మారినవారికి లాభం అంటే వింతగా ఉంటుంది కానీ మన శ్లాబుల తీరే అంత.

గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 200 దాటిన నెలలో పై యూనిట్లకే కాదు, మొత్తం బిల్లూ కట్టాలి. పై ఉదాహరణలోని కుటుంబానికే ఈ పథకం ఉందనుకుంటే, సగం వంట ఇండక్షన్ మీద చేసినంతకాలం ఆ 43 యూనిట్లూ ఉచితం. మొత్తం మారిస్తే సున్నా నుంచి ఏకంగా రూ.1,228, దానిపై ఇతర చార్జీలు. పైగా మహాలక్ష్మి కింద రూ.500 సిలిండర్ అందుతున్న ఇంటికి గ్యాస్ వైపు అంకె యూనిట్‌కు 4 రూపాయల లోపే. రీడింగ్ తీసే తేదీకి వారం ముందు మీటర్ చూసుకుని, 180 దాటితే ఆ వారం గ్యాస్ మీద వండుకోవడం మంచిది. ఏసీ నడిచే ఏప్రిల్, మే నెలల్లో ఎలాగూ 300 దాటే ఇళ్లకు అదనపు యూనిట్ 9 రూపాయలు. ఆ రెండు నెలలూ ఇండక్షన్‌ను అటక మీద పెట్టినా నష్టం లేదు.

కోఠి చుట్టుపక్కల గదుల్లో ఉండే విద్యార్థులకు శ్లాబుతో పనిలేదు. సబ్‌మీటర్ పెట్టి యజమాని యూనిట్‌కు ఎంత వసూలు చేస్తారన్నదే లెక్క. ఆ రేటు 7 దాటితే ఇండక్షన్ సౌకర్యమే తప్ప పొదుపు కాదు.

ఈ లెక్కలపై నమ్మకం కుదరకపోతే మీరే పరీక్షించండి. రెండు లీటర్ల నీళ్లు ఇండక్షన్ మీద మూతపెట్టి మరిగిస్తే మీటర్‌లో సుమారు 0.2 యూనిట్ కదలాలి. ఆ సమయంలో ఫ్రిజ్, గీజర్ ఆపి ఉంచాలి. 0.3 దగ్గరికి వచ్చిందంటే తప్పు చాలావరకు గిన్నెదే.

గిన్నెల విషయంలో చాలామంది మోసపోయేది ‘స్టీల్ అయితే చాలు’ అన్న మాట దగ్గర. ఇండక్షన్‌కు కావలసింది అయస్కాంతం అంటుకునే అడుగు. ఖరీదైన 304 రకం స్టీలుకు సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. చవకైన 430 రకానికి గట్టిగా అంటుకుంటుంది. అందుకే అమ్మమ్మ ఇచ్చిన మందపాటి స్టీలు గిన్నె పనిచేయకపోవచ్చు, మొన్న కొన్న పల్చటి గిన్నె పనిచేయవచ్చు. మంచి గిన్నెల్లో లోపల 304, అడుగున 430 పలక అతికి ఉంటుంది. పోత ఇనుము దోసె పెనం నిక్షేపంగా పనిచేస్తుంది. అల్యూమినియం, రాగి, ఇత్తడి, మట్టి పాత్రలు పనిచేయవు. అడుగు గుండ్రంగా ఉండే కడాయి ఇనుముదైనా ప్రయోజనం లేదు.

బేగంబజార్‌కు గిన్నెలు కొనడానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. పక్కన కాదు, అడుగు మధ్యలో పెట్టి చూడండి. వదిలేస్తే జారిపోయేంత బలహీనంగా అంటుకుంటే స్టవ్ గిన్నెను గుర్తించినా పూర్తి పవర్ ఇవ్వదు. అల్యూమినియం కుక్కర్‌కు ‘ఇండక్షన్ బేస్’ అని రాసి ఉంటే తిప్పి చూడండి. స్టీలు పలక అడుగంతా పరుచుకుని ఉండాలి, మధ్యలో చిన్న బిళ్లలా ఉంటే వేడి ఆలస్యం. సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టినప్పుడు గిన్నె ఊగినా వద్దు. పోపు గిన్నె వంటి 12 సెంటీమీటర్లకు తక్కువ అడుగు ఉన్నవాటిని చాలా స్టవ్‌లు గుర్తించవు. పాత గిన్నెల కింద పెట్టుకోమని అమ్మే ఇనుప పలక మాత్రం కొనకండి. ముందు పలక కాగాలి, తర్వాత గిన్నె కాగాలి. ఇండక్షన్‌తో కలిసొచ్చే పొదుపు అక్కడే పోతుంది.

ప్లగ్ సంగతి కూడా చూసుకోవాలి. 2,000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే పిన్నులు కాలి ప్లాస్టిక్ కరుగుతుంది. గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. వాడుతుండగా ప్లగ్ చేతికి వేడిగా తగిలితే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.