పిల్లల మధ్య చెవి ఇన్ఫెక్షన్‌కు అమాక్సిసిలిన్: మోతాదు, గడువుల చరిత్ర

అమాక్సిసిలిన్ పెన్సిలిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్. పిల్లల్లో ఉన్నట్టుండి వచ్చే మధ్య చెవి ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ అవసరమని తేలినప్పుడు చాలా దేశాల్లో డాక్టర్లు మొదట రాసేది దీన్నే. సుమారు యాభై ఏళ్లుగా మందు అదే. కానీ రోజుకు ఎంత, ఎన్ని రోజులు అన్న రెండు లెక్కలూ మారుతూ వచ్చాయి. ఆ రెండూ ఒకే దారిలో రాలేదు. మోతాదును పెంచింది ఒక బాక్టీరియాలో వచ్చిన మార్పు. గడువు మాత్రం చాలాకాలం పాటు గొంతు ఇన్ఫెక్షన్ వైద్యం నుంచి అరువు తెచ్చుకున్నదే.

జలుబు చేసిన పసివాడికి ముక్కు వెనుక భాగాన్ని మధ్య చెవితో కలిపే సన్నని గొట్టం వాచి మూసుకుపోతుంది. కర్ణభేరి వెనుక ద్రవం చేరుతుంది. ముక్కు లోపల మామూలుగా ఉండే బాక్టీరియా ఆ ద్రవంలో పెరిగితే అది చీము అవుతుంది, కర్ణభేరి ఎర్రబడి బయటికి ఉబ్బుతుంది, జ్వరంతో పాటు చెవిపోటు మొదలవుతుంది. ఇందుకు కారణమయ్యే బాక్టీరియాలో న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లూయెంజా, మొరాక్సెల్లా ముఖ్యమైనవి. మోతాదు చరిత్ర చాలావరకు వీటిలో మొదటి రెండింటి మధ్య ఉన్న తేడా చుట్టూ తిరుగుతుంది.

తొలి మోతాదు

ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, బ్రోక్‌హాం పార్క్‌లో ఉన్న బీచమ్ ప్రయోగశాల 1961లో యాంపిసిలిన్‌ను తెచ్చింది. నోటి ద్వారా ఇస్తే దానిలో కొంత భాగమే రక్తంలోకి చేరేది, మిగిలింది పేగుల్లోనే ఉండి విరేచనాలు పట్టించేది. అదే అణువుకు ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చి తయారు చేసిన అమాక్సిసిలిన్ 1972లో బ్రిటన్ మార్కెట్‌లోకి వచ్చింది. ఇది కడుపులో ఆహారం ఉన్నా లేకపోయినా బాగా ఇంకుతుంది. పిల్లలకు సిరప్‌గా ఇవ్వడానికి ఇంతకంటే కావలసింది లేదు.

చెవి ఇన్ఫెక్షన్‌కు అమెరికాలో స్థిరపడిన మోతాదు శరీర బరువు కిలోకు రోజుకు 40 మి.గ్రా., దాన్ని మూడు భాగాలు చేసి ఇచ్చేవారు. బ్రిటన్‌లో బరువు చూడకుండా వయసును బట్టి ఇచ్చేవారు. పెద్ద పిల్లవాడు పెద్దమనిషిలో సగం, చిన్న పిల్లవాడు అందులో సగం, పసిపాప అందులోనూ సగం అన్న 1960ల నాటి లెక్క అక్కడ అర్ధ శతాబ్దం దాదాపు మార్పు లేకుండా సాగింది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం ఈ సంగతి ఎత్తి చూపింది. ఆ తర్వాతే అక్కడ పిల్లల మోతాదులు పెంచారు.

న్యుమోకాకస్ మార్పు, మోతాదు రెట్టింపు

పెన్సిలిన్‌కు సరిగా లొంగని న్యుమోకాకస్ 1967లో ఆస్ట్రేలియాలో ఒక రోగిలో కనిపించింది. 1977లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో అంతకంటే మొండి రకాలు బయటపడ్డాయి. 1990లు వచ్చేసరికి అమెరికాలో చెవి చీములో ఇవి తరచుగా దొరకసాగాయి. ఆ దశలో డాక్టర్ల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అమాక్సిసిలిన్‌ను పక్కన పెట్టి ఖరీదైన కొత్త మందులకు వెళ్లడం. రెండోది, పాత మందునే ఎక్కువగా ఇవ్వడం. రెండో దారి పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం ఆ బాక్టీరియా నిరోధకతను ఎలా సాధించిందన్న దానిలోనే దొరికింది.

న్యుమోకాకస్ మందును నాశనం చేయదు. తన గోడ కట్టుకోవడానికి వాడే ప్రోటీన్ల ఆకారాన్ని మార్చుకుంటుంది. పెన్సిలిన్ జాతి మందులు అతుక్కోవలసింది ఆ ప్రోటీన్లకే. ఆకారం మారేసరికి పట్టు సడలుతుంది, కానీ పూర్తిగా పోదు. చుట్టూ మందు గాఢత పెంచితే తిరిగి అతుక్కుంటుంది. హీమోఫిలస్ సంగతి వేరు. అందులో నిరోధకత ఉన్న రకాలు చాలావరకు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారు చేసి మందునే విరగ్గొడతాయి. వాటి ముందు మోతాదు రెట్టింపు చేసినా పెద్దగా లాభం లేదు, ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులానిక్ ఆమ్లాన్ని జత చేయాలి. అధిక మోతాదు అమాక్సిసిలిన్ అంటే న్యుమోకాకస్ మీద గురిపెట్టిన వైద్యమని ఇక్కడే అర్థమవుతుంది.

ఈ జాతి మందుల విషయంలో గాఢత ఒక్కసారి ఎంత ఎత్తుకు వెళ్లిందన్నది ముఖ్యం కాదు, బాక్టీరియాను ఆపడానికి కావలసిన కనీస స్థాయి పైన ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం. రెండు మోతాదుల మధ్య కాలంలో దాదాపు సగం సేపు ఆ స్థాయి పైన ఉంటే చెవి చీము నుంచి బాక్టీరియా తొలగిపోతుందని 1990లలో క్రెయిగ్, ఆండీస్‌ల విశ్లేషణ సూచించింది. కిలోకు 40 మి.గ్రా. మోతాదు మామూలు న్యుమోకాకస్‌కు ఈ షరతు తీరుస్తుంది, సగం లొంగిన రకాల దగ్గర తడబడుతుంది. 80 నుంచి 90 మి.గ్రా. ఇస్తే సగం లొంగిన రకాలూ, మొండి రకాల్లో చాలావరకూ పరిధిలోకి వస్తాయి. 1999లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నియమించిన నిపుణుల బృందం ఈ పెద్ద మోతాదును సిఫారసు చేసింది. 2004లో అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం దాన్నే మామూలు మోతాదుగా స్వీకరించింది. 2013లో వచ్చిన సవరణా దాన్ని అలాగే ఉంచి, రోజుకు రెండు భాగాలుగా ఇవ్వమంది. మధ్య చెవి ద్రవంలోంచి మందు రక్తంలోకంటే నెమ్మదిగా దిగుతుంది కాబట్టి రెండు పూటలు సరిపోతాయి. మధ్యాహ్నం పూట మోతాదు ఎవరు పోయాలన్న గొడవ కూడా తప్పింది.

పది రోజులు ఎక్కడివి

పది రోజుల కోర్సు చెవి మీద చేసిన పరీక్షల్లోంచి పుట్టలేదు. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, తర్వాత కీళ్లవాతపు జ్వరం రాకుండా పెన్సిలిన్ పది రోజులు ఇవ్వడం అలవాటు. అదే చెవికీ పాకింది. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష, చిక్కుల్లేని చెవి ఇన్ఫెక్షన్‌కు అయిదు రోజులు చాలునని తేల్చింది. అసలు యాంటీబయాటిక్ లేకుండా కొన్నాళ్లు చూడవచ్చన్న వాదన అంతకు ముందే నెదర్లాండ్స్‌లో మొదలై, 1981 నాటి వాన్ బుకెమ్ పరిశోధనతో బలపడింది.

కోర్సు ఇంకా తగ్గుతూ పోతుందని అందరూ అనుకుంటున్న వేళ 2016లో పిట్స్‌బర్గ్ నుంచి హోబెర్‌మన్ బృందం ఫలితం ప్రచురించింది. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలు 520 మందికి అమాక్సిసిలిన్, క్లావులానేట్ కలిపి సగం మందికి పది రోజులు, సగం మందికి అయిదు రోజులు ఇచ్చారు. వైద్యం విఫలమైంది పది రోజుల వారిలో 16 శాతం, అయిదు రోజుల వారిలో 34 శాతం. తక్కువ రోజులు వాడితే నిరోధకత తగ్గుతుందన్న ఆశ కూడా నెరవేరలేదు. అరువు తెచ్చుకున్న అంకె, కనీసం పసివాళ్ల విషయంలో, సరైనదే అయి కూర్చుంది.

అంతకు ముందే వచ్చిన 2013 నాటి అమెరికా పద్ధతి కూడా వయసును బట్టే నడుస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకూ, తీవ్రంగా ఉన్నవారికీ పది రోజులు. రెండు నుంచి అయిదేళ్ల వారికి తీవ్రత లేకపోతే ఏడు రోజులు. ఆరేళ్లు దాటితే అయిదు నుంచి ఏడు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 పుస్తకం మోతాదు 80 నుంచి 90 మి.గ్రా. అని ఒప్పుకుంటూనే గడువు అయిదు రోజులంటుంది. బ్రిటన్‌లో అయిదు నుంచి ఏడు రోజులు. అమెరికాలో ఒక బంధువు, లండన్‌లో మరొకరు ఉన్న తెలుగు కుటుంబాల్లో ఫోన్ సంభాషణలు గందరగోళంగా మారేది ఇక్కడే. 12 కిలోల రెండేళ్ల పాపకు అమెరికాలో రోజుకు సుమారు 1000 మి.గ్రా. రాస్తారు. లండన్‌లో 250 మి.గ్రా. చొప్పున మూడు పూటలు, అంటే 750. ఇద్దరు డాక్టర్లలో ఎవరిదీ పొరపాటు కాదు. మొండి న్యుమోకాకస్ ఎంత ఉందన్న అంచనాలూ, మోతాదును లెక్కగట్టే అలవాట్లూ వేరు.

సీసా దగ్గర లెక్క

మన దగ్గర అమాక్సిసిలిన్ ఎక్కువగా పొడి సీసాల్లో, అంటే డ్రై సిరప్‌గా దొరుకుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు గుర్తు దాకా పోసి కలపాలి. పొడి తడిసేసరికి మట్టం దిగుతుంది, మళ్లీ గుర్తు దాకా పోయాలి. గుర్తు దాటితే మందు పల్చబడుతుంది.

10 కిలోల పద్నాలుగు నెలల బాబు అనుకుందాం. కిలోకు 85 మి.గ్రా. చొప్పున రోజుకు 850, పూటకు 425 మి.గ్రా. అయిదు మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే పూటకు 8.5 మి.లీ. రోజుకు 17, పది రోజులకు 170 మి.లీ. 30 మి.లీ. సీసా రెండు రోజులకు కూడా రాదు. ఒక సీసా కొని, అయిపోగానే కోర్సు పూర్తయిందనుకోవడం ఇక్కడ జరిగే మొదటి తప్పు. రెండోది ఇంకా నిశ్శబ్దమైనది. దుకాణంలో అదే పేరుతో 125 మి.గ్రా. సీసా ఇచ్చి, ఇంట్లో పాత 8.5 మి.లీ.నే పోస్తే బాబుకు అందేది కిలోకు 42 మి.గ్రా. మాత్రమే. అంటే ఎవరికీ తెలియకుండా 1980ల నాటి మోతాదుకు తిరిగి వెళ్లినట్టు. పెట్టె మీద 125, 250 అంకెలు చూసి మి.లీ. లెక్క వేయాలి, చెంచాతో కాక సీసా మూతతోనో సిరంజితోనో కొలవాలి.

మందు పనిచేస్తోందని తెలియడానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. అప్పటికి జ్వరం, నొప్పి తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే, లేదా గత నెల రోజుల్లో అమాక్సిసిలిన్ వాడి ఉంటే, లేదా కళ్లు కూడా పుసి కడుతుంటే, హీమోఫిలస్‌ను అనుమానించి క్లావులానేట్ కలిపిన మందుకు మారుస్తారు. న్యుమోకాకల్ టీకా అమెరికాలో 2000లో వచ్చాక చెవి చీములో హీమోఫిలస్ వాటా పెరిగింది. మన దేశంలో ఆ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో అన్ని చోట్లకూ వ్యాపించింది.

క్లావులానేట్ మందులో నిష్పత్తి చూసుకోవాలి. అధిక మోతాదుకు తగిన తయారీలో అమాక్సిసిలిన్ 14 పాళ్లకు క్లావులానేట్ ఒక పాలు ఉంటుంది, 10 కిలోల బాబుకు రోజుకు 900 మి.గ్రా.తో పాటు 64 మి.గ్రా. వెళుతుంది. నాలుగు పాళ్లకు ఒక పాలు ఉన్న పాత సిరప్‌తో అంతే అమాక్సిసిలిన్ ఇవ్వాలంటే క్లావులానేట్ 225 మి.గ్రా. అవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఇక జ్వరం, నొప్పి తగ్గాక కూడా కర్ణభేరి వెనుక ద్రవం వారాల తరబడి నిలవడం మామూలే. నెల గడిచినా దాదాపు పదిమందిలో నలుగురికి ఉంటుంది. దాన్ని చూసి యాంటీబయాటిక్ కోర్సు పొడిగించరు, మూడు నెలల్లో చాలామందిలో అది దానంతటదే ఇంకిపోతుంది.