సిద్ధాంత గ్రంథంలోని అధ్యాయం నుంచి చిన్న పోస్టులు: భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఉదాహరణగా

పరిశోధకులు తమ సిద్ధాంత గ్రంథంలోని అధ్యాయాన్ని సామాన్య పాఠకుల కోసం చిన్న పోస్టులుగా మార్చేటప్పుడు సాధారణంగా దాని ఉపశీర్షికల వెంటే నడుస్తారు. మొదటి పోస్టులో పూర్వ పరిశోధన, రెండో దానిలో పద్ధతి, మూడో దానిలో ఫలితాలు వస్తాయి. పరీక్షకుడికి అవసరమైన ఈ వరుస పాఠకుడికి అక్కరకు రాదు. అధ్యాయాన్ని పాఠకుడి ప్రశ్నల దగ్గర కోయాలనీ, ఫలితానికి ఉన్న హద్దును ప్రతి పోస్టులోనూ చెప్పాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వరుస క్రమంలో అన్ని పోస్టులూ చదివేవారు తక్కువ. ఎవరో పంపిన మూడో పోస్టు ఒక్కటే చదివేవారు ఎక్కువ.

నల్లగొండ వంటి గ్రానైట్ నేలల్లోని బోరు నీటిలో ఫ్లోరైడ్ గురించి రాసిన అధ్యాయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే వ్యాధిని షార్ట్ బృందం 1937లో నమోదు చేసింది. అధ్యాయంలో పూర్వ పరిశోధన ఎన్ని పుటలున్నా పోస్టుకు ఈ ఒక్క వాక్యం చాలు. అసలు పని ఫలితాల దగ్గర మొదలవుతుంది.

ఇలాంటి అధ్యాయంలో తరచూ కనిపించే వాక్యం ఇది: ‘ఫ్లోరైడ్‌కు బైకార్బొనేట్‌తో ధన సహసంబంధం, కాల్షియంతో రుణ సహసంబంధం ఉన్నాయి.’ పాఠకుడి ప్రశ్న వేరు: ‘మా బోరు నీళ్లు చెడ్డవైతే పక్క చేనులో బోరు నీళ్లు ఎందుకు బాగున్నాయి?’ ఆ ప్రశ్నకు జవాబుగా రాస్తే పోస్టు ఇలా వస్తుంది: ‘గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిస్తే అది కరిగి నీటిలోకి వస్తుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ ఒక మోతాదు దాటి కరగలేదు. బైకార్బొనేట్ ఎక్కువైన నీటిలో కాల్షియం కార్బొనేట్‌గా విడిపోతుంది. అప్పుడు ఆ అడ్డు తగ్గుతుంది. పగుళ్లు బోరుకో తీరుగా ఉంటాయి కాబట్టి పక్కపక్క బోర్లలోనే నీరు మారిపోవచ్చు.’

సహసంబంధం అన్న మాట పోయినా దాని వెనకున్న కారణం నిలిచింది. ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. కాల్షియం అడ్డుపడుతుందని చదివిన రైతు బోరులో సున్నం పోస్తే మంచిదనుకోవచ్చు. భూమి లోపల జరిగే చర్యను వివరించాం తప్ప శుద్ధి పద్ధతిని చెప్పలేదని అదే పోస్టులో రాయాలి. నల్లగొండ విధానంలో సున్నం వాడే మాట నిజమే. అయితే అందులో ఫ్లోరైడ్‌ను ప్రధానంగా పట్టేది పటిక. దాని మోతాదును నీటి పరీక్షను బట్టి నిర్ణయిస్తారు, మడ్డిని తేర్చి వడకడతారు. ఈ వివరణను తర్వాతి పోస్టుకు వాయిదా వేస్తే, దాన్ని చదవని మనిషి సున్నం బస్తాతో బోరు దగ్గరికి వెళ్తాడు.

అంకెల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అధ్యాయంలోని పట్టికలు సగటులు చూపిస్తాయి. లెక్క కోసం అయిదు బోర్లు ఊహించుకుందాం. వాటి నీటిలో లీటరుకు 0.6, 0.8, 0.9, 1.1, 4.1 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుంటే సగటు 1.5. భారతీయ ప్రమాణంలో ఆమోదయోగ్యమైన హద్దు 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించేది 1.5. ‘ఊరి సగటు హద్దులోనే ఉంది’ అని రాస్తే వాక్యంలో తప్పు లేదు, కానీ అయిదో బోరు నీళ్లు తాగే కుటుంబానికి అది ద్రోహం. పోస్టులో సగటు బదులు అయిదు అంకెలనూ ఇవ్వాలి. ఏ నెలలో నమూనా తీశారో కూడా చెప్పాలి, ఎందుకంటే వానలకు ముందూ తర్వాతా అంకె మారవచ్చు.

ఆ 1.5 అంకెకు కూడా ఒక పోస్టు కేటాయించడం న్యాయం. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి ఆ నీటితో అందేది 3 మిల్లీగ్రాములు. ఎండలో నాట్లు వేస్తూ నాలుగు లీటర్లు తాగే కూలీకి అందేది 6. అధ్యాయంలో ఒక గీతగా కనిపించే హద్దు పనిని బట్టి అందరికీ ఒకే రక్షణ ఇవ్వదని ఈ గుణకారమే చెబుతుంది. నా దృష్టిలో మొత్తం వరుసలో ఎక్కువమంది చదవాల్సిన పోస్టు ఇదే.

ప్రచురణకు ముందు ప్రతి పోస్టునూ ఆ శాస్త్రం తెలియని ఒకరితో విడిగా చదివించాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే మర్యాదకు అవుననేస్తారు. ‘చదివారు కదా, రేపు ఏం చేస్తారు?’ అని అడగాలి. ‘నీళ్లు కాచి తాగుతాను’ అన్న జవాబు వస్తే పోస్టు విఫలమైనట్టే. కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి మరింత చిక్కబడుతుంది. అప్పుడు ఆ మాటను పోస్టు మొదటి పేరాలోనే చేర్చి, మరో పాఠకుడితో మళ్లీ చదివించాలి. ‘మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తాను’ అన్న జవాబు వచ్చేదాకా ఈ పని సాగాలి.