అప్రైజల్ రేటింగ్, ఇంక్రిమెంట్ శాతం

అప్రైజల్ రేటింగ్ దానంతటదే జీతం పెంచదు. చాలా కంపెనీల్లో అది ముందే ఖరారైన బడ్జెట్‌ను పంచే కొలమానం. సమాన జీతాలున్న పదిమంది బృందానికి జీతాల మొత్తంలో 8 శాతం కేటాయించారనుకుందాం. ఇద్దరికి 12, ఆరుగురికి 8, ఇద్దరికి 4 శాతం ఇస్తే లెక్క సరిపోతుంది. మేనేజరు ఐదుగురికి అత్యుత్తమ రేటింగ్, మిగతావారికి మధ్య రేటింగ్ ఇస్తే సగటు 10 శాతానికి చేరుతుంది. అప్పుడు కొందరి రేటింగ్ తగ్గించాలి, లేదా 12ను 9.6కు, 8ని 6.4కు కుదించాలి.

లాభాలొచ్చిన ఏడాది బడ్జెట్ పెంచవచ్చు కదా అన్న అభ్యంతరం సబబే. కానీ పెంచిన జీతం ఆ ఏడాదితో ఆగదు. బేసిక్ పెరిగితే గ్రాట్యుటీ భారమూ పెరుగుతుంది. అందుకే లాభాన్ని బోనస్‌గా పంచడం కంపెనీకి తేలిక. అయితే డబ్బు చాలక రేటింగ్ తగ్గించి, దాన్ని పనితీరు లోపంగా చూపడం అన్యాయం. శాతం తగ్గించి, కారణం చెప్పడమే సరైన పద్ధతి.