కీలేషన్: పీత డెక్క పట్టు

గ్రీకులో ‘కీలీ’ అంటే పీత డెక్క. లోహపు అయాన్‌ను ఒకే రసాయనం రెండు వైపుల నుంచి పట్టుకునే తీరు చూసి మోర్గన్, డ్రూ అనే రసాయన శాస్త్రవేత్తలు 1920లో ఈ పేరు పెట్టారు. పేరు బాగుంది గానీ, ఒంట్లోంచి లోహాన్ని తీసే వైద్యంలో పట్టు ఒక్కటే చాలదు. ఏ లోహాన్ని పట్టుకుంటుందన్నదే అసలు ప్రశ్న. పాదరసం, ఆర్సెనిక్‌లకు పనికొచ్చే మందు ఇనుముకు పనికిరాదు. సీసానికి ఇచ్చే మందుల్లో ఒకటి కాల్షియం డైసోడియం ఈడీటీఏ. అందులోని కాల్షియాన్ని తోసేసి సీసం ఆ చోటు ఆక్రమిస్తుంది, ఆ జంట మూత్రంలో పోతుంది. పేరులో ‘కాల్షియం’ లేని డైసోడియం ఈడీటీఏ మాత్రం రక్తంలోని కాల్షియాన్నే లాక్కుంటుంది. 2003–2005 మధ్య అమెరికాలో కీలేషన్ చేయించుకున్న ముగ్గురు ఇలా కాల్షియం పడిపోయి చనిపోయారు. వారిలో ఇద్దరు పిల్లలు.

సరైన మందే ఇస్తే కొద్దిపాటి సీసాన్నీ తీసేయొచ్చు కదా అనొచ్చు. అమెరికాలో 780 మంది పసిపిల్లలపై అది పరీక్షించారు. సీసాన్ని పట్టే సక్సిమర్ అనే మందు రక్తంలో సీసాన్ని తగ్గించింది, తెలివితేటల పరీక్షల్లో మాత్రం మేలు కనబడలేదు. పైగా మందు ఆపాక ఎముకల్లో దాగిన సీసం మళ్లీ రక్తంలోకి వస్తుంది. అందుకే పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు చేరితేనే సాధారణంగా మందు మొదలుపెడతారు. ఈలోగా ఇంట్లో సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి తీసేయాలి. ‘ఒంట్లో విషాలు కడుగుతాం’ అంటూ కీలేషన్ అమ్మేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి.